కేస్ స్టడీ: జనవరిలో సరిపోయిన బీపీ మందు మే నెలలో ఎక్కువైన తీరు

మే రెండో వారంలో ఒక ఉదయం, ఆదిలాబాద్‌లోని మా ఓపీకి 68 ఏళ్ల రిటైర్డ్ ఉపాధ్యాయుడిని ఆయన కొడుకు చెయ్యి పట్టుకొని నడిపించుకుంటూ తీసుకువచ్చాడు. ముందురోజు తెల్లవారుజామున ఆయన వాకిట్లో వేసుకున్న మంచం మీద నుంచి లేచి రెండడుగులు వేసేలోపే కళ్లకు చీకట్లు కమ్మి, అరుగు పక్కన కూలబడిపోయారు. మోచేతి దగ్గర చర్మం గీసుకుపోయింది తప్ప తలకు దెబ్బ తగలలేదు, స్పృహ తప్పలేదు. "పది దినాల సంది లేవంగనే కండ్లు తిరుగుతున్నయ్ సార్. ఎండకేమో అనుకున్న" అన్నారాయన. ఆయన బీపీ నాకు కొత్త కాదు, ఐదేళ్లుగా నేనే చూస్తున్నాను. నాలుగు నెలల క్రితం మందు పెంచింది కూడా నేనే. ఈ కేసును రాయాలనిపించడానికి కారణం అదే. ఆయన అనుమతి తీసుకొని, ఎవరో గుర్తుపట్టే వివరాలు వదిలి రాస్తున్నాను.

ఆయనకు పదకొండేళ్లుగా బీపీ ఉంది. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు, పొగాకు అలవాటు లేదు. సన్నటి మనిషి, బరువు 58 కిలోలు. టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజూ ఉదయం వేసుకునేవారు. ముందటి అక్టోబరులో చూసినప్పుడు బీపీ 132/78 ఉంది. జనవరి రెండో వారంలో మోకాళ్ల నొప్పుల కోసం వచ్చినప్పుడు అదే బీపీ 164/92 చూపించింది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ కొలిస్తే 158/90. ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకు మా ఓపీ వరండాలో శాలువా కప్పుకొని అరగంట సేపు వరుసలో కూర్చున్న తర్వాత ఆయన లోపలికి వచ్చారని నాకు తెలుసు. అయినా రెండు కొలతలూ ఎక్కువే కనుక ఉన్న రెండు మందులకు క్లోర్తాలిడోన్ 12.5 మిల్లీగ్రాములు చేర్చాను. ఉప్పు తగ్గించమనీ, పచ్చళ్లు మానేయమనీ చెప్పాను. రెండు వారాల తర్వాత బీపీ 136/80 ఉంది, రక్తంలో సోడియం 138, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.0 ఉన్నాయి. ఇదే కొనసాగించమని రాసి పంపాను.

ఆ చీటీ మీద "మళ్లీ ఎప్పుడు రావాలి" అన్నచోట ఏమీ రాయలేదు. ఆయన ఆ చీటీతోనే మెడికల్ షాపులో నెలనెలా మందులు కొనుక్కుంటూ ఏప్రిల్ దాటి మే దాకా వచ్చారు. అందులో ఆయన తప్పేమీ లేదు, డాక్టరు చెప్పిన మాటను అక్షరాలా పాటించిన రోగి ఆయన.

మే నెలలో ఏం కనిపించింది?

కూర్చోబెట్టి ఒక్కసారి కొలిస్తే 114/68 వచ్చింది. ఓపీ రద్దీలో చూస్తే ఇది "బీపీ బాగా అదుపులో ఉంది" అనిపించే అంకె. తల తిరుగుతోందన్న ఫిర్యాదుకు ఈ కొలత ఒక్కటే చాలదు. పడుకోబెట్టి ఐదు నిమిషాల తర్వాత కొలిస్తే 116/68, నాడి 84. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి 94/60, మూడు నిమిషాలకు 92/58, నాడి 98. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే దాన్ని నిలబడితే బీపీ పడిపోయే స్థితిగా లెక్కిస్తాం. ఈయనకు రెండూ పడిపోయాయి. నాలుక పొడిబారి ఉంది, బరువు 56 కిలోలకు తగ్గింది. ఈసీజీ మామూలుగా ఉంది, షుగరూ హిమోగ్లోబినూ సరిగానే ఉన్నాయి. సోడియం మాత్రం 128కి దిగింది, క్రియాటినిన్ 1.5కి పెరిగింది.

ఎండాకాలం కనుక ఇది ఎండ వల్లే అని తేల్చేయడం తొందరపాటు. ఈ వయసు మగవారిలో నిలబడితే బీపీ పడిపోవడానికి తరచుగా కనిపించే కారణం ప్రొస్టేట్ కోసం వాడే టామ్సులోసిన్ వంటి మాత్ర. వేరే డాక్టరు రాసిన ఆ మాత్ర గురించి రోగి మనకు చెప్పకపోవచ్చు. అందుకే ఇంట్లో ఉన్న మాత్రల సంచి మొత్తం తెమ్మని కొడుకును పంపాను. టామ్సులోసిన్ లేదు. విరేచనాలు, జ్వరం, నల్లటి మలం ఏవీ లేవు. కానీ ఆ సంచిలో ఖాళీ అయిపోయిన ఎసిక్లోఫెనాక్ పారాసెటమాల్ పట్టీ ఒకటి దొరికింది. మోకాళ్ల నొప్పికి డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా రోజుకు రెండేసి వేసుకున్నారట, మార్చి తర్వాత అసలు వేసుకోలేదు. ఈ రకం నొప్పి మాత్రలు శరీరంలో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీని పెంచుతాయి. అంటే జనవరిలో నేను చూసిన 164లో ఈ మాత్ర వాటా కూడా ఉండి ఉంటుంది. ఆ సంచి నేను జనవరిలోనే తెప్పించి చూడవలసింది. చలికాలంలో అడగవలసినది మరొకటి ఉంది. జలుబుకు షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు చాలావాటిలో ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటుంది, అది కూడా బీపీని పైకి తోస్తుంది.

ఇంకో సంగతి ఆయన మాటల్లో బయటపడింది. "నువ్వే చెప్పినవ్ కద సార్, ఉప్పు తగ్గించమని" అన్నారు. జనవరి నుంచి ఆయన అన్నంలో ఉప్పు వేసుకోవడం మానేశారు, ఆవకాయ జాడీ ముట్టలేదు. మే ఎండలో రోజుకు నాలుగైదు చెంబుల వట్టి నీళ్లు తాగుతున్నారు. క్లోర్తాలిడోన్ మూత్రంలో ఉప్పును పోగొడుతుంది, చెమటలో మరికొంత పోతుంది, తిండిలో రావలసినది రావడం లేదు, తాగిన నీళ్లు మిగిలిన ఉప్పును ఇంకా పలచన చేస్తున్నాయి. సోడియం 128కి దిగడంలో వింతేమీ లేదు.

బీపీ రుతువును బట్టి ఎందుకు మారుతుంది?

చలి తగలగానే చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. శరీరం తన వేడిని లోపలే దాచుకునే పద్ధతి అది. ఆ ముడుచుకోవడానికి సంకేతాన్నిచ్చే నాడీ వ్యవస్థే గుండె వేగాన్నీ కొంత పెంచుతుంది. ఇరుకైన గొట్టాల్లోకి అదే రక్తాన్ని తోయాలి కనుక ఒత్తిడి పెరుగుతుంది. ఎండాకాలంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చర్మపు నాళాలు విప్పారతాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి, ఒత్తిడి దిగుతుంది. వయసు మీరిన కొద్దీ నాళాలు బిరుసెక్కి, ఈ మార్పును సర్దుకునే శక్తి తగ్గుతుంది. అందుకే యువకుల కంటే వృద్ధుల్లో, లావుగా ఉన్నవారి కంటే సన్నగా ఉన్నవారిలో రుతువుల తేడా ఎక్కువగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ నడిపిన పెద్ద బీపీ చికిత్సా పరిశోధనలో 17 వేల మందికి పైగా ఉన్నారు. వారి కొలతలను నెలలవారీగా పరిశీలించి 1982లో ప్రచురించినప్పుడు చలికాలపు అంకెలు వేసవి అంకెల కంటే ఎక్కువనీ, ఆ తేడా పెద్ద వయసువారిలో ఎక్కువనీ స్పష్టమైంది.

సగటున చూస్తే వేసవికీ చలికాలానికీ మధ్య తేడా పై అంకెలో 5, కింది అంకెలో 3 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఇది సగటు మాత్రమే, ఒక్కొక్కరిలో 10, 15 దాకా పోవచ్చు. మామూలు మోతాదులో ఒక బీపీ మాత్ర పై అంకెను సగటున 9 దాకా తగ్గిస్తుందని గుర్తు పెట్టుకుంటే ఈ తేడా బరువు తెలుస్తుంది. కొందరికి రుతువు మారడం అంటే ఒక మాత్ర చేరినట్టో, ఒక మాత్ర తీసేసినట్టో అవుతుంది. మా జిల్లాలో చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం, మే నెల పగళ్లు 43, 44 డిగ్రీలకు చేరడం రెండూ మామూలే. ఇంగ్లండులో ఇంటి లోపల హీటరు ఉంటుంది. ఇక్కడ పెంకుటింటిలో డిసెంబరు తెల్లవారుజామున లోపలికీ బయటికీ తేడా అంతంతమాత్రమే. అక్కడి సగటును ఇక్కడి మనిషికి నేరుగా అతికించడానికి అందుకే నేను వెనకాడతాను.

చికిత్స

సోడియం 128, క్రియాటినిన్ 1.5, పడిపోయిన చరిత్ర ఉన్న మనిషిని ఇంటికి పంపడం సరికాదనిపించి ఆ రోజు ఆసుపత్రిలోనే ఉంచాం. ఒక లీటరు సెలైన్‌ను ఎనిమిది గంటలపాటు నెమ్మదిగా ఎక్కించాం. సోడియం తగ్గి చాలా రోజులైనప్పుడు దాన్ని ఒక రోజులో 8కి మించి పెంచకూడదు, వేగంగా పెంచితే మెదడుకు హాని జరిగే ప్రమాదం ఉంది. మర్నాడు ఉదయానికి అది 132కు చేరింది. క్లోర్తాలిడోన్ పూర్తిగా ఆపేశాను. ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ పెరిగినప్పుడు టెల్మిసార్టన్ కిడ్నీ మీద భారం పెంచుతుంది కనుక దాన్ని కూడా తాత్కాలికంగా నిలిపి, ఆమ్లోడిపిన్ 5 ఒక్కటే ఉంచాను. ఇంట్లో ఉప్పు వేసిన మజ్జిగ, మామూలు ఉప్పుతో కూర తినమని చెప్పాను. వారం తర్వాత సోడియం 136, క్రియాటినిన్ 1.1 ఉన్నాయి, నిలబడి మూడు నిమిషాలకు బీపీ 128/76 ఉంది. అప్పుడు టెల్మిసార్టన్ 40 మళ్లీ మొదలుపెట్టాను. అంటే జనవరికి ముందున్న రెండు మాత్రల దగ్గరికే తిరిగి వచ్చాం.

ఏ మందు తగ్గించాలన్నది ఈయన విషయంలో తేలిక, ఎందుకంటే చివరగా చేర్చినదీ, ఉప్పును పోగొడుతున్నదీ ఒకటే. అన్ని కేసులూ ఇలా ఉండవు. గుండె బలహీనత ఉండి నీరు చేరకుండా ఫ్యూరోసెమైడ్ వంటివి వాడుతున్నవారికి ఎండాకాలమని ఆ మాత్ర ఆపేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. గుండె నొప్పి కోసం మెటోప్రొలాల్ వంటివి వాడుతున్నవారు వాటిని ఒక్కసారిగా మానేస్తే గుండె పోటు వచ్చే ప్రమాదం ఉంది, క్లోనిడిన్‌ను హఠాత్తుగా ఆపితే బీపీ ఎగసిపడుతుంది. బీపీ కోసం రాసిన మాత్ర ఇంకో జబ్బుకు కూడా పనిచేస్తోందా అని ముందు చూడాలి. ఎండ ముదిరిందని రోగి తనంతట తానే ఒక మాత్ర మానుకోవడం నేను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం.

యూరోపియన్ సొసైటీ ఆఫ్ హైపర్‌టెన్షన్ 2020లో ఈ విషయం మీదే ఒక ఏకాభిప్రాయ పత్రం వెలువరించింది. ఎండాకాలంలో బీపీ తగ్గి లక్షణాలు కనిపించినప్పుడు, లేదా లక్షణాలు లేకపోయినా పై అంకె 110 కంటే కిందికి పోయినప్పుడు మందు తగ్గించడం గురించి ఆలోచించమని అందులో ఉంది. అయితే ఒక్క కొలత మీద కాకుండా మళ్లీ మళ్లీ కొలిచి, వీలైతే ఇంట్లో తీసిన కొలతలతో నిర్ధారించుకున్నాకే ఆ నిర్ణయం తీసుకోమన్నారు. మందు తగ్గించడానికి ఈ మెట్టు ఎంత అవసరమో పెంచడానికీ అంతే అవసరం. జనవరిలో నేను దాటేసిన మెట్టు అదే.

ఇంటి కొలతలతో గడిచిన ఏడాది

కొడుకు చేత మోచేతి పైభాగానికి చుట్టే పట్టీ ఉన్న మిషను కొనిపించాం. మణికట్టు మిషను వద్దన్నాను. పద్ధతి ఇది: మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద మోపి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ఉదయం మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి పడుకోకముందు రెండుసార్లు, నిమిషం ఎడంతో కొలవాలి. ఇలా ఏడు రోజులు కొలిచి, మొదటిరోజు అంకెలు వదిలేసి మిగిలిన ఆరు రోజుల సగటు చూడాలి. ఇంటి కొలతల సగటు 135/85 చేరితే బీపీ ఎక్కువగా ఉన్నట్టు లెక్క. ఏడాదంతా రోజూ కొలవమంటే ఎవరూ చెయ్యరు, చేసినవారు అంకెల భయంతో నిద్ర పోగొట్టుకుంటారు. కాబట్టి రుతువు మారేచోట ఒక్కొక్క వారం చాలని చెప్పాను.

జూన్‌లో ఆ సగటు 124/74 వచ్చింది. సెప్టెంబరులో 128/76, నవంబరు మధ్యలో 132/79. డిసెంబరు మూడో వారంలో 139/83. ఈ కాలమంతా నొప్పి మాత్ర ఒక్కటి కూడా వేసుకోలేదని మాత్రల సంచి చూసి రూఢి చేసుకున్నాను. మందు మారలేదు, బరువు మారలేదు, మారింది కాలం ఒక్కటే. కిందటి జనవరిలో పెరిగిన దాంట్లో నొప్పి మాత్ర వాటా ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను గానీ, రుతువు వాటా ఆయనలో దాదాపు 15 అని ఈ వరుసే చెప్పింది.

అయినా వెంటనే మందు పెంచలేదు. పుస్తకంలో రాసిన అంకెలను ఉదయంవి, రాత్రివి విడదీసి చూస్తే ఉదయం సగటు 147/87, రాత్రి సగటు 131/79 ఉన్నాయి. ఎక్కడ కూర్చుని కొలుస్తున్నారని అడిగితే, ఐదున్నరకు స్నానం చేసి అరుగు మీద కూర్చుని కొలుస్తున్నానన్నారు. మరుసటి వారం ఇంటి లోపల, తలుపు వేసుకొని, దుప్పటి కప్పుకొని, స్నానానికి ముందే కొలవమన్నాను. స్వెటరు చేతిని పైకి బిగించి లాగితే పట్టీ పైన నొక్కుకుపోయి అంకె తప్పు వస్తుంది కనుక ఆ చేతిని బయటికి తీయమన్నాను. ఆ వారం ఉదయం సగటు 140/83కు దిగింది, రాత్రి 132/79 దగ్గరే ఉంది, మొత్తం సగటు 136/81. మందు పెంచాలా వద్దా అన్నది తేల్చడానికి పై అంకెలో ఈ మూడు మిల్లీమీటర్ల తేడా చిన్నది కాదు. అయినా 136 ఇంకా ఎక్కువే, ఈ వయసులో పక్షవాతం, గుండెపోటు కేసులు చలికాలంలోనే ఎక్కువగా చూస్తాం. కాబట్టి పెంచాలనే నిర్ణయించుకున్నాను.

క్లోర్తాలిడోన్ ఈయనకు మళ్లీ ఇవ్వను. ఆమ్లోడిపిన్ 10 చేస్తే పాదాల వాపు రావచ్చు. టెల్మిసార్టన్ 80 చేశాను. ఒకే మందు మోతాదును రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు, కొంతే పెరుగుతుంది. ఇక్కడ కావలసినది కూడా కొంతే. రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూస్తే రెండూ సరిగానే ఉన్నాయి. జనవరి చివరి వారం సగటు 130/78. ఈసారి చీటీ మీద "మార్చి మొదటి వారం, ఇంటి కొలతలతో రావాలి" అని రాసి, షాపులో చూపించే చీటీలోనూ మార్చి దాకా మాత్రమే మందు రాశాను.

మార్చిలో ఆయన వచ్చారు. సగటు 120/72, నిలబడి మూడు నిమిషాలకు 112/70, తల తిరగడం లేదు. ఏ లక్షణమూ లేదు, 110 కంటే కింద కూడా లేదు, అలాంటప్పుడు తగ్గించడమెందుకని నా జూనియర్ అడిగింది. న్యాయమైన ప్రశ్న. అప్పటికి పగటి ఉష్ణోగ్రత ఇంకా 36 డిగ్రీలే, రానున్నది 44. కిందటి ఏడాది ఈ మనిషి ఎక్కడ కూలబడ్డారో తెలిసిన తర్వాత అంకె 110 దాటి దిగేదాకా ఆగడం నాకు సబబు అనిపించలేదు. అదే కొత్త రోగి అయితే ఆగి, ఏప్రిల్‌లో మళ్లీ చూసేవాణ్ణి. టెల్మిసార్టన్‌ను 40కి తెచ్చాను.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాం. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 24 గంటల బీపీ కొలతలు పరిశీలించినప్పుడు, వేడి రోజుల్లో పగటి బీపీ తగ్గినా, చికిత్సలో ఉన్న వృద్ధుల్లో రాత్రి బీపీ పెరిగినట్టు కనిపించింది. నిద్ర సరిగా పట్టకపోవడం ఒక కారణమై ఉండవచ్చు. పగటి అంకె చూసి మందు తగ్గిస్తే రాత్రి అంకె చేయి దాటవచ్చన్నమాట. 24 గంటల మిషను మా దగ్గర లేదు. రాత్రి పడుకోకముందు తీసే కొలత దానికి సాటి కాదు గానీ, అది 135 దాటితే తెలియజేయమని చెప్పాను. ఏప్రిల్‌లో ఆ కొలతలు 122, 128 మధ్య ఉన్నాయి.

ఇదే లెక్క ఊరు మారినా వర్తిస్తుంది. మే నెలలో ఇక్కడ మోతాదు తగ్గించుకొని, అదే నెలలో అమెరికాలోనో కెనడాలోనో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మాకు తరచుగా తగులుతారు. వారికి అక్కడికి చేరిన రెండు వారాలకు ఒక వారం కొలతలు తీసి పంపమని చెబుతాను. తిరిగి వచ్చాక మళ్లీ అదే పని.

ఈ ఏడాది మే రెండో వారంలో ఆయన ఒంటరిగా నడిచి వచ్చారు. పడుకున్నప్పుడు 122/74, నిలబడి మూడు నిమిషాలకు 114/72. సోడియం 137, క్రియాటినిన్ 1.0, బరువు 58 కిలోలు. ఆవకాయ అన్నానికి ఒక బద్ద మాత్రమే అని ఒప్పందం కుదిరింది. చీటీ మీద తర్వాతి తేదీ నవంబరు రెండో వారం అని రాస్తుంటే, "అప్పుడు పెంచాలె గద సార్" అన్నారు. కొలతలు చూశాకే చెబుతానన్నాను.